డిటెక్టర్ ఒకటంటోంది, మీ మనసు ఇంకోటంటోంది: అప్పుడు ఏం చేయాలి?

మీ ముందు ఒక వ్యాసం ఉంది. రెండో పేరాకి వచ్చేసరికే "ఇది మనిషి రాసింది కాదు" అని గట్టిగా అనిపించింది. రాసింది మనిషా, ఏఐయా అని అంచనా వేసే డిటెక్టర్‌లో పెట్టి చూశారు. 86 శాతం మనిషి రాసిందే అని వచ్చింది.

ఇక్కడ చాలామంది ఇంకో డిటెక్టర్ తెరుస్తారు. అది కూడా మనిషే అంటే మూడోది తెరుస్తారు. ఎక్కడో ఒకచోట "ఏఐ" అని ఎర్ర రంగులో కనిపించగానే, "నేను ముందే అనుకున్నాను" అని అక్కడితో ఆపేస్తారు. మొదటి డిటెక్టరే ఏఐ అని ఉంటే రెండోది తెరిచేవాళ్లు కాదు. అనుకున్న జవాబు వచ్చేదాకా వెతకడం, రాగానే వెతుకులాట ఆపేయడం: కన్ఫర్మేషన్ బయాస్ అనేది ఇక్కడ ఇలాగే పనిచేస్తుంది. తిరగేసి చూసినా ఇదే కథ. రాసినవాళ్లు మీకు బాగా తెలుసు, నిజాయితీపరులని నమ్మకం. డిటెక్టర్ 90 శాతం ఏఐ అంటే "ఈ టూల్స్ ఎందుకూ పనికిరావు" అనేస్తారు. నిన్న ఇంకొకరి వ్యాసం మీద అదే టూల్ మాట నమ్మిన సంగతి గుర్తుకే రాదు.

మీరు టీచరైనా, ఎడిటరైనా, పోటీకి న్యాయనిర్ణేత అయినా మీ నిర్ణయం మీద ఒకరి మార్కులో పేరో ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ పనిని ఒక వరుసలో చేయాలి. ఆ వరుస ముఖ్యం, ఎందుకంటే ఒక్కసారి స్కోరు చూశాక చూడనట్టు ఉండటం ఎవరి వల్లా కాదు.

మొదట: టూల్ తెరవకముందే మీ అనుమానాన్ని కాగితం మీద పెట్టండి

రెండు విషయాలు రాయండి. ఒకటి, ఒక అంకె. ఇలాంటి వ్యాసాలు 100 ఉంటే అందులో ఎన్ని ఏఐ రాసినవై ఉంటాయని మీ అంచనా? 70 అనుకుందాం. రెండోది, కారణాలు. "ఏదో తేడాగా ఉంది" అని కాదు, ఏ వాక్యం, ఏ పేరా అన్నది వేలు పెట్టి చూపించగలిగేలా రాయండి.

ఇదంతా ఎందుకంటే, స్కోరు చూశాక మన పాత అభిప్రాయం మనకు తెలియకుండానే మారిపోతుంది. డిటెక్టర్ ఏఐ అంటే "నాకు ముందునుంచీ 90 శాతం అనుమానమే" అనిపిస్తుంది. మనిషి అంటే "ఊరికే చిన్న డౌట్ వచ్చిందంతే" అనిపిస్తుంది. కాగితం మీద 70 అని ఉంటే దాన్ని మార్చడం కుదరదు.

స్కోరు ఇప్పటికే చూసేసి ఉంటే ఈ అడుగు మీరు వేయలేరు. స్కోరు తెలియని, మీ అనుమానం కూడా తెలియని ఇంకొకరికి వ్యాసం ఇచ్చి వాళ్ల చేత రాయించండి. ఇచ్చేటప్పుడు "ఇది చూడు, ఏఐ లాగా లేదూ?" అనకండి. ఆ ప్రశ్నతోనే వాళ్ల చూపు మీ చూపు అయిపోతుంది. ఇదే తరహా వ్యాసాలు ఇంకో నాలుగైదు కలిపి, పేర్లు తీసేసి, "వీటిలో ఏమైనా తేడాగా అనిపించినవి ఉన్నాయా, ఎందుకు?" అని అడగండి. వాళ్లు ఎంచినవాటిలో మీ వ్యాసం లేకపోతే అది కూడా సమాచారమే. దాన్ని రాసి పెట్టుకోండి.

తర్వాత: ఏ జవాబు వస్తే ఎంత నమ్ముతారో ముందే తేల్చుకోండి

మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు అడగండి. టూల్ "ఏఐ" అంటే నా 70 ఎంత అవుతుంది? "మనిషి" అంటే ఎంత అవుతుంది? మొదటిదానికి 95 అని, రెండోదానికి "70 అలాగే ఉంటుంది" అని జవాబు వస్తే ఆగి ఆలోచించండి. ఏ జవాబు వచ్చినా మీ అనుమానం తగ్గదంటే, మీరు ఆ టూల్‌ని అడుగుతున్నది సాక్ష్యం కాదు, తోడు. అప్పుడు దాన్ని వాడకపోవడమే మంచిది.

అయితే రెండు జవాబులకూ సమానమైన బరువు ఇవ్వాలని మాత్రం లేదు. ఇక్కడ చాలామంది తికమక పడతారు. కొన్ని టూల్స్ "మనిషి" అన్నప్పుడు ఆ మాటకు నిజంగానే పెద్దగా విలువ ఉండదు. అది మీ పక్షపాతం కాదు, ఆ టూల్ స్వభావం. తేడా ఎక్కడుందంటే, ఆ విలువ ఎంతో ఫలితం చూడకముందే లెక్క కట్టారా, చూశాక కల్పించుకున్నారా అన్నదాంట్లో.

నిజమైన అంకెలతో ఒక లెక్క చేద్దాం. చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్ ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ విడుదల చేసింది. తన పరీక్షల్లో అది ఏఐ రాసిన ఇంగ్లీషు వ్యాసాల్లో 26 శాతాన్ని మాత్రమే పట్టుకుందని, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని పొరపాటున ఏఐ అందని ఆ సంస్థే చెప్పింది. కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జూలైలో దాన్ని ఆపేసింది.

మీ అంచనా ప్రకారం 100 వ్యాసాల్లో 70 ఏఐవి, 30 మనుషులవి. ఆ టూల్ 70లో దాదాపు 18ని పట్టుకుంటుంది, 52ని వదిలేస్తుంది. 30 మంది మనుషుల్లో దాదాపు ముగ్గురిని తప్పుగా పట్టుకుంటుంది, 27 మందిని సరిగ్గా వదిలేస్తుంది. అంటే "మనిషి" అని తేల్చిన వ్యాసాలు మొత్తం 79. వాటిలో 52 ఏఐ రాసినవే. మీ అనుమానం 70 నుంచి 66 దగ్గరికి వస్తుందంతే. ఈ టూల్ "మనిషి" అన్నప్పుడు మీరు పెద్దగా చలించకపోతే తప్పేమీ లేదు.

ఇప్పుడు ఇంకో టూల్ అనుకోండి. అది ఏఐ వ్యాసాల్లో 90 శాతాన్ని పట్టుకుంటుంది, మనుషులవాటిలో 2 శాతం మీదే పొరపాటు పడుతుంది. ఇది "మనిషి" అని వదిలేసినవాటిలో ఏఐవి 7, మనుషులవి 29. మీ అనుమానం 70 నుంచి 20 దగ్గరికి దిగిపోవాలి. అయినా మీరు 70 దగ్గరే నిలబడి ఉంటే అది పట్టుదల తప్ప లెక్క కాదు.

అందుకే టూల్ ఏదైనా ముందు రెండు అంకెలు వెతకండి: ఎన్నింటిని పట్టుకుంటుంది, ఎన్నిసార్లు మనిషిని తప్పుపడుతుంది. "99 శాతం కచ్చితం" అని ఒకే అంకె చెప్పే టూల్‌తో ఈ లెక్క కుదరదు. ఇంకో సంగతి, తయారీదారులు చెప్పే అంకెలు వాళ్లు ఎంచుకున్న వ్యాసాల మీద వచ్చినవి. ఏఐ రాసినదాన్ని మనిషి దిద్దినప్పుడు, వ్యాసం చిన్నదైనప్పుడు, టూల్‌కి అలవాటు లేని భాషలో ఉన్నప్పుడు ఆ అంకెలు నిలబడవు. మీ వ్యాసం ఆ కోవలోదైతే టూల్ మాటకు బరువు ముందే తగ్గించి రాసుకోండి, ఏ జవాబు వచ్చినా సరే.

ఒక్కసారే నడపండి, స్కోరు దేని గురించో చదవండి

వ్యాసం మొత్తాన్ని ఒకే టూల్‌లో ఒకేసారి పెట్టండి. పేరాలుగా విడగొట్టి ఒక్కొక్కటీ పరీక్షించడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట ఎర్ర రంగు వచ్చే తీరుతుంది. 5 శాతం పొరపాటు చేసే టూల్‌లో మనిషి రాసిన పది ముక్కల్ని విడివిడిగా పెడితే, కనీసం ఒక్కటైనా ఏఐ అని తేలే అవకాశం దాదాపు 40 శాతం. ఆ ఒక్క ముక్కనే ఫోటో తీసి ఫైల్లో పెడితే మిగతా తొమ్మిది ఎవరికీ కనిపించవు. ఐదు టూల్స్ తిప్పినా జరిగేది ఇదే. ఒకటికి మించి తప్పక వాడాలనుకుంటే ఏవేవి వాడతారో ముందే రాసుకుని, వచ్చిన ఫలితాలన్నీ నమోదు చేయండి.

ఇక "86 శాతం మనిషి" అంటే ఏమిటి? కొన్ని టూల్స్‌లో ఇది నమ్మకానికి కొలత: వ్యాసం మొత్తం మనిషిదే అనడానికి అవకాశం 86 శాతం అని. కొన్నింటిలో ఇది వాటాకి కొలత: 86 శాతం భాగం మనిషి రాసినట్టుంది, మిగతా 14 శాతం ఏఐ రాసినట్టుంది అని. రెండూ పూర్తిగా వేరు. రెండో రకంలో మీ అనుమానానికీ స్కోరుకీ అసలు గొడవే లేకపోవచ్చు. మీరు చూసిన ఆ రెండు పేరాలే ఆ 14 శాతం కావచ్చు. ఉదాహరణకి, విద్యాసంస్థలు కాపీని, ఏఐ రాతను పట్టుకోవడానికి వాడే టర్నిటిన్ అనే టూల్ ఇచ్చే స్కోరు వాటా రకానిది. 20 శాతం కంటే తక్కువ వచ్చినప్పుడు పొరపాట్లు ఎక్కువని చెప్పి, అది ఆ అంకె చూపించకుండా నక్షత్రం గుర్తు పెడుతుంది. స్కోరు పక్కనున్న ఆ చిన్న అక్షరాల వివరణ చదవకుండా స్కోరుతో వాదన పెట్టుకోకండి.

ఒకటి మాత్రం అస్సలు చేయకూడదు. వ్యాసాన్ని చాట్‌బాట్‌లో పెట్టి "ఇది నువ్వు రాశావా?" అని అడగకండి. 2023లో అమెరికాలోని టెక్సస్‌లో ఒక అధ్యాపకుడు ఇలాగే అడిగి, అది అవునన్నదని విద్యార్థుల మీద ఆరోపణ చేయడం పెద్ద వార్తయింది. తాను ఇంతకుముందు ఎవరికి ఏం రాసిచ్చిందో వెతికి చూసి చెప్పే ఏర్పాటు దానికి లేదు. మీరు అడిగిన తీరుని బట్టి ఊ కొడుతుంది.

మీ కళ్లూ టూలూ ఒకే దాన్ని చూస్తున్నాయా?

అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించేది ఇదే అని నా అభిప్రాయం.

చాలా డిటెక్టర్లు చూసేది, స్థూలంగా, తర్వాతి మాట ఎంత ఊహించదగ్గదిగా ఉందన్నది. మాటలు ఊహకు తగ్గట్టే వస్తుంటే, వాక్యాలన్నీ ఇంచుమించు ఒకే తీరులో ఉంటే ఏఐ వైపు మొగ్గుతాయి. మీరు "మరీ నున్నగా ఉంది, తడబాటే లేదు" అని అనుమానించినప్పుడు మీరు చూసిందీ అదే. అంటే మీ అనుమానం, టూల్ స్కోరు ఇద్దరు వేర్వేరు సాక్షులు కావు. ఒకే కిటికీలోంచి చూసిన ఇద్దరు. "నాకూ అనిపించింది, టూలూ చెప్పింది, ఇక రూఢి" అనుకోవడం ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కపెట్టడమే.

దీని దెబ్బ ఎవరి మీద పడుతుందో 2023లో వచ్చిన ఒక స్టాన్‌ఫర్డ్ అధ్యయనం చూపించింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షలో రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో పెట్టారు. సగటున 61 శాతం వ్యాసాలను అవి ఏఐ రాసినవన్నాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల మీద మాత్రం చాలా తక్కువగా పొరపాటు పడ్డాయి. నేర్చుకున్న భాషలో రాసేవాళ్లు తమకు గట్టిగా తెలిసిన మాటలే వాడతారు, సురక్షితమైన వాక్యమే రాస్తారు. టూల్‌కి అది యంత్రంలా కనిపిస్తుంది, చదివేవాళ్లకీ అలాగే కనిపించొచ్చు. ఇద్దరూ ఏకీభవించినంత మాత్రాన నిజమైపోదు.

అలాగని టూల్, మీరు విభేదించినప్పుడు విసిగిపోనక్కర్లేదు. నునుపుదనం చూసే టూల్ "మనిషే" అంటున్నా మీకు అనుమానం పోవట్లేదంటే, మీరు ఇంకేదో చూసి ఉంటారు. మీ కారణాల కాగితం తీసి, అందులో భాష తీరు గురించినవి ఒకవైపు, విషయం గురించినవి ఒకవైపు పెట్టండి. లేని పుస్తకాన్ని ఉటంకించడం, అడిగిన ప్రశ్నకు కాకుండా దాని పక్క ప్రశ్నకు జవాబివ్వడం, ఒక పేరాలో చెప్పినదాన్ని ఇంకో పేరాలో తెలియకుండా కాదనడం లాంటివి రెండో వైపువి. టూల్ వీటిని చూడదు. పని చేయాల్సింది వీటి మీదే.

ప్రతి కారణాన్నీ ఓడించడానికి ప్రయత్నించండి

1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశాడు. 2, 4, 6 అనే వరుస ఇచ్చి, దీని వెనక ఒక నియమం ఉంది, మీరు వేరే వరుసలు చెప్పి అదేంటో కనుక్కోండి అన్నాడు. చాలామంది "రెండేసి పెరుగుతోంది" అనుకుని 8, 10, 12 అన్నారు, 20, 22, 24 అన్నారు. అన్నిటికీ సరే అని జవాబు వచ్చింది. నిజానికి నియమం "ఏవైనా పెరిగే అంకెలు" అనే. 1, 2, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే వాళ్ల ఊహ తప్పని తెలిసేది. తమ ఊహకు సరిపోయేవే అడిగారు కాబట్టి చాలామంది తప్పు నియమాన్నే నమ్మకంగా ప్రకటించారు.

మీ వ్యాసం విషయంలో ఆ "1, 2, 50" ఏమిటంటే, కచ్చితంగా మనుషులే రాసిన వ్యాసాలు. చాట్‌జీపీటీ జనానికి అందింది 2022 నవంబర్ 30న. అంతకుముందు, అదే స్థాయివాళ్లు, అదే తరహా విషయం మీద రాసినవి నాలుగు తీసుకోండి. మీ అనుమానానికి కారణమైన ప్రతి లక్షణాన్నీ వాటిలో లెక్కపెట్టండి.

ఒక సందర్భం మొదటినుంచి చివరిదాకా చూద్దాం. 900 పదాల వ్యాసం, టీచర్ అంచనా 70, డిటెక్టర్ 86 శాతం మనిషి అంది. కాగితం మీదున్న కారణాలు మూడు. విషయాన్ని ఎప్పుడూ మూడేసి ముక్కలుగా చెప్పడం, ఆరుసార్లు. "కేవలం ఇది మాత్రమే కాదు, అది కూడా" అనే వాక్యం, నాలుగుసార్లు. మూడోది, 2019 నాటిదని చెప్పిన ఒక నివేదిక ఎంత వెతికినా దొరకలేదు.

పాత వ్యాసాలు నాలుగు తీశారు. మూడేసి ముక్కలు వాటిలో వరుసగా 5, 7, 4, 8 సార్లు ఉన్నాయి. అది విద్యార్థులందరి అలవాటు. మొదటి కారణాన్ని కొట్టేయాలి. కొట్టేయడమంటే నిజంగా కొట్టేయడం. "అయినా ఇందులో మూడేసి ముక్కలు ఏదో వేరుగా ఉన్నాయి" అని వెనక్కి తెచ్చుకోకూడదు. "కేవలం" వాక్యం మూడింటిలో అసలు లేదు, ఒకదాంట్లో ఒకసారి ఉంది. అది నిలిచింది, కానీ ఒంటరిగా అది చిన్న సాక్ష్యమే. దొరకని నివేదిక బరువైనది. ఏఐ లేని ఆధారాల్ని పుట్టిస్తుందని తెలిసిందే. కానీ మనుషులు కూడా ఎక్కడో చూసిన తప్పు ఆధారాన్ని ఎత్తి రాస్తారు. కాబట్టి ఇంకా తీర్పు లేదు, అడగాల్సిన ప్రశ్న ఒకటి దొరికింది.

రాసినవాళ్లతో మాట్లాడండి, కానీ ముందు ఇంకో కాగితం

మాట్లాడటానికి వెళ్లేముందు, ఏ జవాబు వస్తే మీ అనుమానం తగ్గుతుందో రాసుకోండి. ఇది రాయకుండా వెళ్తే ఏం జరుగుతుందంటే, టెన్షన్ పడితే "దొరికిపోయానని భయం" అనుకుంటారు, నిబ్బరంగా చెప్తే "ముందే సిద్ధమై వచ్చాడు" అనుకుంటారు. రెండూ మీ అనుమానానికే బలమవుతాయంటే ఆ సంభాషణకి అర్థం లేదు. నిలదీస్తే నిజాయితీపరులూ తడబడతారు. ముఖకవళికల్ని లెక్కలోకి తీసుకోకండి.

"ఇది నువ్వే రాశావా?" అని మొదలుపెట్టకండి. "ఈ నివేదిక నీకు ఎక్కడ దొరికింది?" "మూడో పేరాలో ఈ ఉదాహరణనే ఎందుకు తీసుకున్నావు, దీని బదులు ఇంకేమనుకున్నావు?" "ముందు రాసిన ముసాయిదా ఉంటే చూపిస్తావా?" అని అడగండి. రాసే క్రమంలో చేసిన ఎంపికల గురించి అడిగితే, రాసినవాళ్ల దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మన సందర్భంలో టీచర్ రాసుకున్నది ఇది: నివేదిక ఎక్కడిదో చూపించగలిగి, పాత ముసాయిదా ఉంటే 70 కాస్తా 20కి దిగుతుంది. ఫైలు చరిత్ర చూస్తే 600 పదాలు ఒక్కసారిగా అతికించినట్టు ఉంది. ఇక్కడే చాలామంది "అయిపోయింది" అనుకుంటారు. విద్యార్థి మాత్రం ఫోన్‌లో నోట్స్‌లో రాసి తర్వాత అతికించానని చెప్పింది, ఆ నోట్స్ తెరిచి చూపించింది. మూడు వేర్వేరు రోజుల్లో రాసినవి, అక్షర దోషాలతో, సగంలో వదిలేసిన వాక్యాలతో ఉన్నాయి. నివేదిక పేరు ఒక వెబ్ పేజీ నుంచి తీసుకుంది, ఆ పేజీలోనే ఏడాది తప్పు పడింది. "కేవలం" వాక్యాలు మాత్రం నోట్స్‌లో లేవు. అడిగితే, చివర్లో రెండు పేరాలు భాష దిద్దే ఏఐ టూల్‌లో పెట్టానని ఒప్పుకుంది.

అంటే డిటెక్టర్ తప్పు చెప్పలేదు, టీచర్ కన్ను కూడా తప్పు చూడలేదు. "మనిషా, ఏఐయా" అని రెండే గదులు గీసుకోవడం వల్ల వచ్చిన గొడవ అది. భాష దిద్దుకోవడం అనుమతించాలా వద్దా అన్నది నియమాల సంగతి, వ్యాసం ఇవ్వకముందే విద్యార్థులకు చెప్పాల్సిన సంగతి.

టూల్ ఏఐ అంటోంది, మీకు మాత్రం మనిషే అనిపిస్తోంది

ఇప్పుడు తిరగేసిన పరిస్థితి. అడుగులు ఇవే, కానీ ఇక్కడ పక్షపాతం మంచితనం వేషంలో వస్తుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం. "ఆ అమ్మాయి అలా చేయదు" అనేది మనిషి మీద నమ్మకం, వ్యాసం మీద సాక్ష్యం కాదు. ఆ నమ్మకానికి చోటు ఉంది, అది మొదటి కాగితం మీది అంకెలో ఉండాలి. స్కోరు వచ్చాక మళ్లీ దాన్నే ఇంకోసారి వాడుకోకూడదు.

"ఇంత సొంత అనుభవం ఏఐ ఎలా రాస్తుంది?" అన్నది ఇంకో బలమైన ఊత. దీన్ని నమ్ముకోవద్దు. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో, "నేను" అని రాయడం, కుటుంబం గురించి చెప్పడం లాంటివి కనిపిస్తే చదివేవాళ్లు మనిషే రాశాడనుకుంటారని, ఆ గుర్తులు వాళ్లని తప్పుదారి పట్టిస్తాయని తేలింది. అమ్మమ్మ చేతి స్పర్శ గురించి ఒక పేరా రాయమంటే ఏఐ కూడా రాస్తుంది. అదే వివరం ఆ రచయిత పాత వ్యాసాల్లోనో, ముసాయిదాలోనో, మాటల్లోనో ఇంకోచోట కూడా కనిపిస్తే అప్పుడు దానికి బరువు ఉంటుంది.

పాత వ్యాసాల పద్ధతి ఇక్కడ ఇంకా బాగా పనిచేస్తుంది. అదే మనిషి 2022 నవంబర్‌కి ముందు రాసినవో, మీ ఎదురుగా కూర్చుని చేత్తో రాసినవో ఉంటే టైప్ చేసి అదే టూల్‌లో పెట్టండి. వాటినీ ఏఐ అంటే, ఈ మనిషి రాత విషయంలో ఆ టూల్ మాటకు విలువ లేదు. వాటిని మనిషివే అని, కొత్తదాన్ని మాత్రం ఏఐ అంటే, మీకు నచ్చకపోయినా ఆ స్కోరుని పట్టించుకోవాలి. ఏది వచ్చినా ఒప్పుకుంటానని పెట్టకముందే అనుకోండి.

తీర్పు రాసేటప్పుడు

మూడు గదులు పెట్టుకోండి: మనిషి రాసింది, ఏఐ రాసింది, తేలలేదు. మూడోది తాత్కాలికం కాదు, చాలా వ్యాసాలు అక్కడే ఆగిపోతాయి. తేలని వ్యాసాన్ని మనిషి రాసినదానిలాగే దిద్దాలి, మార్కులు వేయాలి. "తేలలేదు కాబట్టి సగం మార్కులు" అంటే నిరూపించలేని నేరానికి సగం శిక్ష వేసినట్టే.

ఎంత ఖాయమైతే చర్య తీసుకోవాలన్నది ఒక్కొక్క వ్యాసానికీ మారకూడదు. ఏడాదికి ఎన్ని వ్యాసాలు దిద్దుతారో ఆలోచించండి. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2023 ఆగస్టులో టర్నిటిన్ ఏఐ డిటెక్టర్‌ని ఆపేస్తూ ఇలాంటి లెక్కే చెప్పింది: 2022లో వాళ్లు ఆ సంస్థకు పంపిన పేపర్లు 75,000. పొరపాటు ఒక్క శాతమే అనుకున్నా, దాదాపు 750 పేపర్ల మీద తప్పు ముద్ర పడేది. మీ దగ్గర 200 వ్యాసాలే ఉన్నా, ఒక్క శాతమంటే ఇద్దరు.

ఫైల్లో నాలుగు విషయాలు రాయండి: మొదటి అంచనా, టూల్ చెప్పిన పూర్తి ఫలితం, కొట్టేసిన కారణాలు, నిలిచిన కారణాలు. కొట్టేసినవి తప్పనిసరిగా ఉండాలి. అవి లేకపోతే తర్వాత చదివేవాళ్లకి మీ అనుమానానికి సరిపోయినవే కనిపిస్తాయి, అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నట్టు ఉంటుంది.

తేలలేదని రాసిన వ్యాసం రచయిత మళ్లీ ఇంకో వ్యాసం ఇచ్చినప్పుడు పేరు దాచి చదవండి. కుదరకపోతే, మొదటి కాగితం మీద అంకె వేసేటప్పుడు మిగతావాళ్లకి ఎక్కడ మొదలుపెడతారో వీళ్లకీ అక్కడే మొదలుపెట్టండి. గతసారి ఏమీ నిరూపణ కాలేదు కాబట్టి ఈసారి లెక్కలో అది సున్నా.